ముద్ద దిగని రోజులు: దుఃఖంలో కడుపు ఎందుకు బిగుసుకుంటుంది, ఎలా గట్టెక్కాలి – నా అనుభవం

ఇంట్లో మనిషి పోయిన మొదటి వారంలో కడుపు గురించి జనం చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆకలన్నదే లేదు. నోట్లో పెట్టుకున్నది గొంతు దిగడం లేదు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయి, ఇంకోటి పెట్టుకుంటే వాంతి అయ్యేలా ఉంది. రొమ్ము ఎముక కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కి ఉంచినట్టుంది. ఆసుపత్రిలో డైటీషియన్‌గా నేను ఈ మాటలు వింటూనే ఉంటాను. వింటున్న కొద్దీ నాకు స్పష్టమైంది ఒకటుంది: ఇది ఒక్క బాధ కాదు, మూడు. ఆకలి కబురు పుట్టకపోవడం ఒకటి. కడుపు సాగకపోవడం రెండోది. పొట్ట కండరాలు బిగుసుకుపోవడం మూడోది. మూడింటికీ మూల కారణం ఒకటే అయినా, విరుగుడు మాత్రం వేరువేరు. వాటిని కలగలిపేసి "ఎలాగైనా తినిపించాలి" అనుకోవడంతోనే ఇంట్లోవాళ్ల తిప్పలు మొదలవుతాయి.

ముందు ఆకలి సంగతి. మామూలుగా కడుపు ఖాళీ అయిన తర్వాత ఊరికే ఉండదు. సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకోసారి కడుపులో మొదలై చిన్నపేగు వెంట కిందికి సాగే బలమైన కదలికల అల ఒకటి వస్తుంది. మిగిలిపోయిన తుక్కును కిందికి ఊడ్చేయడం దాని పని. పేగులు అరుస్తున్నాయని మనం అనేది చాలాసార్లు ఆ అల వినిపించే చప్పుడే. ఈ కదలికలకూ ఆకలికీ సంబంధం ఉందని 1912లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, ఆయన విద్యార్థి వాష్‌బర్న్ చూపించారు. వాష్‌బర్న్ ఒక చిన్న రబ్బరు బెలూన్ మింగి, కడుపు సంకోచాలను బయట నమోదు చేసుకుంటూ, ఆకలి పోటు వచ్చినప్పుడల్లా గుర్తు పెట్టాడు. రెండూ కలిసి వచ్చాయి. ఆకలి అంతా కడుపులోనే పుట్టదనీ, మెదడుకూ రక్తంలోని హార్మోన్లకూ పెద్ద వాటా ఉందనీ తర్వాత తేలింది. అయినా "ఇక తినాలి" అని గుర్తుచేసే శరీర సంకేతాల్లో ఈ అల ముఖ్యమైనదే.

దుఃఖం ఈ అలను అణిచేస్తుంది. అదీ కానన్ కంటే ముందుగా గమనించినవాళ్లు తక్కువ. 1890ల చివర్లో, హార్వర్డ్‌లో వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన పిల్లులకు ఎక్స్‌రేలో కనబడే మేత పెట్టి కడుపు కదలికలు చూసేవాడు. పిల్లి బెదిరినా, గింజుకున్నా కదలికలు ఠక్కున ఆగిపోయేవి. నిమిరి శాంతపరిస్తే మళ్లీ మొదలయ్యేవి. మనిషి సంగతి 1940లలో న్యూయార్క్‌లో తెలిసింది. చిన్నప్పుడు మరిగే సూప్ తాగి అన్నవాహిక మూసుకుపోయి, పొట్టకు పెట్టిన రంధ్రం ద్వారానే జీవితమంతా తిండి వేసుకున్న ఒకాయన కడుపు లోపలి పొరను వుల్ఫ్, వోల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు నెలల తరబడి కళ్లారా చూశారు. ఆయనకు కోపం వస్తే ఆ పొర ఎర్రగా ఉబ్బేది, ఆమ్లం పెరిగేది. భయం, దిగులు కమ్మితే పొర పాలిపోయేది, ఆమ్లం తగ్గేది, కదలిక మందగించేది. దుఃఖంలో ఉన్న మనిషి "ఆకలి లేదు" అంటే మొండికేస్తున్నట్టు కాదని ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ సంగతే చెబుతాను. ఆ కడుపు నిజంగానే పని ఆపింది.

ఆపమని చెప్పేది మెదడు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మెదడు అడుగున హైపోథలామస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిజాల్ తయారయ్యే గొలుసుకు మొదటి లింకు అదే. కానీ అది ఆ ఒక్క పనితో ఆగదు. మెదడులోనే ఆకలిని తొక్కిపెడుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పెద్దపేగును మాత్రం తొందర పెడుతుంది. అందుకే కొందరికి ముద్ద దిగకపోగా విరేచనాలు కూడా అవుతాయి. అదే సమయంలో అడ్రినలిన్ లివర్‌లో దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది, జీర్ణకోశానికి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, లాలాజలాన్ని చిక్కబరిచి నోరు ఎండేలా చేస్తుంది. లాలాజలం లేనిదే పొడి ముద్ద మెత్తబడదు, రుచి నాలుకకు అందదు. "నోట్లో మట్టి పెట్టుకున్నట్టుంది" అని చెప్పేవాళ్లకు రోగం నాలుకలో లేదు, తడిలో ఉంది.

కార్టిజాల్ సంగతి వేరు. అది రోజుల తరబడి ఎక్కువగా ఉంటే ఆకలిని పెంచే వైపే లాగుతుంది. మొదటి వారం ఏమీ తినలేని మనిషే రెండో నెలలో తీపి కోసం వెతుక్కోవడానికి అదొక కారణం. రెండూ ఒకే దుఃఖానికి రెండు దశలు.

ఇప్పుడు రెండో సమస్య, నా లెక్కలో అసలు సమస్య. ఆరోగ్యంగా ఉన్న కడుపు పైభాగానికి ఒక గుణం ఉంది: తిండి రాగానే అది వదులవుతుంది. మింగడం మొదలుపెట్టగానే మెదడు నుంచి కడుపుకు వెళ్లే వేగస్ నరం ద్వారా కబురు వస్తుంది, పైభాగం గోడలు సడలుతాయి, లోపలి ఒత్తిడి పెద్దగా పెరగకుండానే ఒక పూట భోజనం పడుతుంది. పెద్ద ఒత్తిడిలో వేగస్ పని తగ్గి గోడలు సడలవు. వచ్చిన కొంచెమే గోడలను లాగుతుంది. ఆ లాగుడే మెదడుకు "నిండిపోయింది" అనే కబురవుతుంది. పైగా ఆందోళనలో మెదడు ఆ కబురును పెంచి వింటుంది. మామూలు రోజుల్లో పట్టించుకోని సాగుడు ఇప్పుడు నొప్పిగా, వికారంగా తెలుస్తుంది. రెండు ముద్దలకే చాలు అనడం మర్యాద కోసమో, మనసు లేకో అనుకుంటారు. నిజానికి ఆ క్షణాన ఆ కడుపు కొలత అంతే.

ఈ ఒక్కటి అర్థమైతే ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో దానంతట అదే తేలుతుంది. కడుపు సాగనప్పుడు పరిమాణం తగ్గాలి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతున్నప్పుడు త్వరగా ఖాళీ అయ్యేది కావాలి. ద్రవాలు ఘనాహారం కంటే ముందు దిగిపోతాయి. మంచినీళ్లలో సగం పావుగంట, ఇరవై నిమిషాల్లోనే కడుపు దాటుతుంది. ఘనాహారంలో సగం దాటడానికి ఆరోగ్యంగా ఉన్నప్పుడే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. బలం వస్తుందని నెయ్యి పోసి, వేపుళ్లు చేసి పెట్టే ప్రేమ ఈ రోజుల్లో సరిగ్గా తిరగబడేది ఇందుకే. నాలుగు గంటల తర్వాత కూడా అది కడుపులోనే ఉండి, తర్వాతి పూటకు చోటు ఇవ్వదు.

మూడోది బిగుతు. దీంట్లో కొంత లోపలిది, కొంత బయటిది. ఏడుపును ఆపుకునే మనిషి తనకు తెలియకుండానే పొట్ట కండరాలను బిగిస్తాడు, ఊపిరి పైఛాతీతో తీసుకుంటాడు. వెక్కివెక్కి ఏడిస్తే ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కండరం పదేపదే కుదుపుకు గురవుతుంది, దాంతోపాటు బోలెడు గాలి మింగేస్తాం. రోజుకు కొన్ని గంటల చొప్పున ఇలా సాగితే పక్కటెముకల కింద కండరాలు వ్యాయామం చేసినట్టే నొస్తాయి. గొంతులో ఉండ అడ్డుపడినట్టు అనిపించడం కూడా కండరాల బిగుతే. మింగితే నీళ్లు దిగుతున్నాయంటే అక్కడ నిజంగా అడ్డేమీ లేదన్నమాట.

ఈ నొప్పి కండరంలోదా, లోపలిదా అని తెలుసుకోవడానికి వైద్యులు చేసే చిన్న పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకుని, ఎక్కువగా నొప్పి ఉన్న చోట రెండు వేళ్లతో నొక్కి ఉంచాలి. అలా నొక్కి ఉంచుతూనే తలనూ భుజాలనూ కొంచెం పైకి లేపాలి. లేపినప్పుడు పొట్ట కండరం బిగుస్తుంది. నొప్పి పెరిగితే లేదా అలాగే ఉంటే అది చాలావరకు పొట్ట గోడది. తగ్గితే వేళ్లకూ లోపలి అవయవానికీ మధ్య కండరం అడ్డు వచ్చిందన్నమాట, నొప్పి లోపలిది అయ్యే అవకాశం ఎక్కువ. దీన్నిబట్టి ఇంట్లో కూర్చుని రోగ నిర్ణయం చేసుకోమని కాదు. ఎక్కడ వేడి కాపడం పనికొస్తుందో, ఎక్కడ డాక్టర్ చెయ్యి పడాలో కొంత ఆనవాలు దొరుకుతుంది.

ఇక ఈ మూడింటి మీదా నాలుగోది వచ్చి కూర్చుంటుంది, అది దుఃఖం తెచ్చింది కాదు, తినకపోవడం తెచ్చింది. లివర్‌లో దాచుకున్న చక్కెర నిల్వ సుమారు 100 గ్రాములు. ఒక రోజు పస్తుతో అది దాదాపు అయిపోతుంది. అప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను ఇంధనంగా వాడుకుంటుంది. కీటోన్లు పెరిగితే ఆకలి ఇంకా తగ్గుతుంది. కొందరికి వికారం, తలనొప్పి వస్తాయి. నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసనో, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసనో వస్తుంది. రోజుల తరబడి పస్తు ఉంటే కడుపు ఖాళీ అయ్యే వేగం కూడా మందగిస్తుంది. అంటే దుఃఖం మొదలుపెట్టిన పనిని మూడో రోజు నుంచి పస్తు కొనసాగిస్తుంది. "ఆకలి వేసినప్పుడే తింటుందిలే, వదిలేయండి" అనే సలహా మంచి మనసుతో చెప్పిందే అయినా అందుకే నేను ఒప్పుకోను. ఆకలి తిరిగి రావడానికి కాస్త తిండి ముందు పడాలి. ఆకలి కోసం కాకుండా గడియారం చూసి తినాలి.

ఒక కేసు వివరంగా చెబుతాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. యాభై దాటిన ఆవిడ, బరువు 60 కిలోలు, భర్త హఠాత్తుగా పోయాడు. షుగర్ లేదు. బీపీకి మాత్ర వాడుతోంది, అందులో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కూడా ఉంది. నాలుగో రోజు చెల్లెలు తీసుకొచ్చింది. మూడు రోజుల్లో ఆవిడ తీసుకున్నది రోజుకు నాలుగైదు కప్పుల కాఫీ, ఎవరో బతిమాలితే రెండు మూడు ముద్దలు. మూత్రం రోజుకు రెండుసార్లు, ముదురు రంగులో. పొద్దున లేవగానే వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. తలనొప్పి అని రెండుసార్లు ఖాళీ కడుపున ఐబూప్రోఫెన్ వేసుకుంది, అప్పటి నుంచి పొట్ట పైభాగాన మంట. చెల్లెలు చెప్పుకుంటూ ఏడ్చింది: "అక్కకు దగ్గర కూర్చుని కలిపి పెడుతున్నానండీ, నా మొహం చూసి నోట్లో పెట్టుకుంటుంది, మింగలేక మళ్లీ బయటికి తీసేస్తుంది."

డాక్టర్ ముందు ఈసీజీ తీయించారు. యాభై దాటిన మనిషికి, అదీ పెద్ద దెబ్బ తగిలిన రోజుల్లో, పొట్ట పైభాగంలో బిగుతు అంటే ఆ పరీక్ష తప్పనిసరి. ఎందుకో తర్వాత చెబుతాను. అది మామూలుగా ఉంది. నొక్కి తల లేపే పరీక్షలో పక్కటెముకల కింద నొప్పి పెరిగింది, అంటే బిగుతులో పెద్ద వాటా కండరానిది. మంట మాత్రం లోపలిదే, ఆ మాత్ర తెచ్చినది. మూత్రంలో కీటోన్లు కనిపించాయి. పడుకున్నప్పటితో పోలిస్తే నిలబడినప్పుడు పై బీపీ 20 పాయింట్ల కంటే ఎక్కువ పడింది, అంటే ఒంట్లో నీరు తక్కువ. డాక్టర్ బీపీ మాత్రను కొన్ని రోజులు ఆపారు, ఐబూప్రోఫెన్ మాన్పించారు, మంటకు ఆమ్లం తగ్గించే మందు ఇచ్చారు. తిండి నా వంతు.

పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు రెండు గంటలకోసారి, మొత్తం తొమ్మిది సార్లు. మొదటి మూడుసార్లు 75 మిల్లీలీటర్లు మాత్రమే, అంటే చిన్న కాఫీ కప్పులో సగం కంటే కొంచెం ఎక్కువ. అది నిలిస్తే 150. ఒకేసారి గటగటా కాదు, పది నిమిషాల్లో గుక్కగుక్కగా. తొమ్మిదింటిలో నాలుగుసార్లు రెండు చెంచాల చక్కెర కలిపిన పాలు, రెండుసార్లు పండ్లరసం, రెండుసార్లు పలుచని ఉప్పుసూప్, ఒకసారి మెదిపిన అరటిపండు. 150 మిల్లీలీటర్లు నిలవడం మొదలైన తర్వాత ఈ రోజంతా కలిపితే సుమారు 800 కేలరీలు, 120 గ్రాముల పిండిపదార్థం. ఆవిడ మామూలు అవసరంలో సగం మాత్రమే. అయినా నేను చూసింది కేలరీలను కాదు, ఆ 120ని. రోజుకు 100 గ్రాముల పైన పిండిపదార్థం పడితే కీటోన్లు తగ్గుముఖం పడతాయి, దాంతో పొద్దుటి వికారం సర్దుకుంటుంది. వికారం తగ్గాకే ప్రోటీన్ గురించి మాట్లాడటంలో అర్థముంది. మధ్యమధ్యలో నీళ్లు ఎంత తాగగలిగితే అంత, మూత్రం లేత పసుపు రంగుకు వచ్చేదాకా.

చెల్లెలికి చెప్పినవి రెండే. కప్పు చేతికిచ్చి పక్కకు వెళ్లిపొమ్మన్నాను. ఎదురుగా కూర్చుని ఒక్కో గుక్కనూ లెక్కపెట్టే కళ్లుంటే, తాగే మనిషి పొట్ట మళ్లీ బిగుస్తుంది. రెండోది, "తింటావా అక్కా?" అని అడగొద్దన్నాను. ఆ ప్రశ్నకు ఆ రోజుల్లో వచ్చే జవాబు ఒకటే. "అక్కా, పది అయింది" అని పెట్టేయడమే. నిర్ణయం తీసుకునే భారం కూడా దుఃఖంలో ఉన్న మనిషికి పెద్ద బరువు, దాన్ని గడియారం మీదికి నెట్టేయాలి.

కప్పు ఇచ్చే ముందు అయిదు నిమిషాలు ఊపిరి పని. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుంటే పొట్ట కండరం వదులవుతుంది. ఒక చెయ్యి బొడ్డు పైన పెట్టి, నాలుగు లెక్కపెడుతూ చెయ్యి పైకి లేచేలా ముక్కుతో గాలి తీసుకోవాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అలా నిమిషానికి ఆరు ఊపిరులు. వదిలేది పొడవుగా ఉండటమే ముఖ్యం, ఊపిరి వదిలేటప్పుడు వేగస్ ప్రభావం పెరుగుతుంది. లోతుగా తీసుకోమని మాత్రమే చెబితే జనం ఛాతీ నిండా గబగబా పీల్చేసి తల తిరుగుతోందంటారు. దీనితో దుఃఖం తగ్గదు, ఆ మాట ముందే చెప్పాలి. మొదటి నాలుగు గుక్కలకు చోటు దొరుకుతుంది, అంతే. కండరం నొప్పికి గుడ్డ చుట్టిన వేడినీళ్ల సంచి పావుగంట పెట్టాం. తాగాక అరగంట కూర్చోమన్నాం, వెంటనే పడుకుంటే మంట గొంతులోకి ఎగదన్నుతుంది.

అయిదో రోజు పొద్దున వికారం అలాగే ఉంది. రెండోసారి ఇచ్చిన పాలు వాంతి అయ్యాయి. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు కంగారుపడి రోజంతా మానేస్తారు. చేయాల్సింది అది కాదు. అరగంట ఆగి, సగం పరిమాణంతో, పాలకు బదులు చల్లటి పండ్లరసంతో మళ్లీ మొదలుపెట్టాం. చల్లటి వాటికి వాసన తక్కువ, వికారంలో వేడివాటి కంటే అవే త్వరగా దిగుతాయి. ఆరో రోజుకు కీటోన్లు పోయాయి, కళ్లు తిరగడం తగ్గింది. ఏడో రోజు ఉడికించిన గుడ్డు సగం, పెరుగు కొంచెం చేర్చాం. ఎనిమిదో రోజు చెల్లెలు ఫోన్ చేసి, వంటింట్లో పోపు వాసనకు అక్క తల తిప్పి చూసిందని చెప్పింది. నేను ఎదురుచూసే కబురు అదే. మొదట తిరిగి వచ్చేది ఆకలి కాదు, వాసన. వాసనకు నోట్లో నీరూరడం, తర్వాత కడుపులో చప్పుడు, ఆ తర్వాతే "ఏదైనా తింటే బాగుండు" అనే కోరిక. ఆవిడకు పదకొండో రోజున ఘనాహారం చిన్న పళ్లెంలో సగం దిగింది. ఆ మర్నాడు భర్త బట్టలు సర్దుతూ మళ్లీ పూర్తిగా ఆగిపోయింది. అదీ మామూలే. అలాంటి రోజున మళ్లీ రెండు గంటల కప్పుకు వెళ్లిపోవాలి. ఒకటి రెండు రోజుల్లో తిరిగి పళ్లేనికి వస్తారు.

నాలుగు రోజులు పస్తున్న మనిషికి, అంతకుముందు బాగా తిన్న మనిషైతే, ఇలా సగం అవసరంతో మొదలుపెట్టడం ఇంట్లోనే కుదురుతుంది. అయిదు రోజులు దాటి దాదాపు ఏమీ తినకపోతే సంగతి వేరు. పది రోజులు దాటితే, లేదా ముందే బక్కచిక్కిన మనిషైతే, మద్యం అలవాటున్న మనిషైతే, ఇంట్లో ఒక్కసారిగా తినిపించడం ప్రమాదం. పస్తు తర్వాత ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ లేచి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు నీరసిస్తాయి. విటమిన్ బి1 తక్కువైతే మెదడు దెబ్బతింటుంది. ఇలాంటివాళ్లకు రక్త పరీక్ష చేసి, బి1 ఇచ్చి, ఆ తర్వాత ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తిండి పెంచాలి.

షుగర్ మందులు వాడేవాళ్ల విషయంలో నేను మొదటి రోజే అడుగుతాను, మూడో రోజుదాకా ఆగను. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర, భోజనం ముందు ఇన్సులిన్ తీసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక వస్తే దుఃఖమేలే అనుకుని వదిలేస్తారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు పస్తుతో కలిస్తే రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. తినడం లేదని ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాలి, ఏది ఆపాలో ఆయన చెబుతారు. టైప్ 1 వాళ్లు మాత్రం తినకపోయినా రోజువారీ ఇన్సులిన్‌ను సొంతంగా పూర్తిగా ఆపకూడదు.

చాలామందిని దెబ్బతీసేవి మాత్రం చాలా మామూలు వస్తువులు. తిండి బదులు కాఫీ మీద బతకడం మొదటిది, ఖాళీ కడుపులో అది మంటనూ చేతి వణుకునూ పెంచుతుంది. పాలూ చక్కెరా ఎక్కువగా, కాఫీ పొడి తక్కువగా వేస్తే అదే కప్పు తిండిలో భాగమవుతుంది. సిగరెట్ ఆకలిని చంపుతుంది. సోడా పానీయాలు సాగని కడుపులో గాలి నింపుతాయి. తలనొప్పికి ఖాళీ కడుపున నొప్పి మాత్రలు వేసుకోవడం ఆవిడ విషయంలో ఏం చేసిందో చూశాం. పారాసెటమాల్ కడుపును కాల్చదు కానీ, రోజుల తరబడి తినని మనిషి లివర్‌కు దాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, పూర్తి మోతాదు వేసుకోకూడదు, డాక్టర్‌ను అడిగి తగ్గించుకోవాలి.

ఇక గుండె మాట. దగ్గరివాళ్లు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు అవకాశం అదే మనిషికి మిగతా రోజులతో పోలిస్తే దాదాపు 21 రెట్లు ఉంటుందని 2012లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. మొదటి వారమంతా అది ఎక్కువగానే ఉండి క్రమంగా తగ్గుతుంది. ఏ ఒక్క మనిషికైనా ఒక రోజున గుండెపోటు వచ్చే అవకాశం మామూలుగా చాలా చిన్నది కాబట్టి 21 రెట్లైనా ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ గుండెపోటు కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఛాతీ నొప్పిగా కాకుండా పొట్ట పైభాగంలో బిగుతుగా, వికారంగా రావచ్చు. టకోత్సుబో అని ఇంకొకటి ఉంది, 1990 ప్రాంతంలో జపాన్ వైద్యులు వర్ణించారు. పెద్ద దెబ్బ తగిలాక గుండె ఎడమ గది కొన బలహీనపడి ఉబ్బుతుంది, చూడటానికి గుండెపోటులాగే ఉంటుంది. ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లలో కనిపిస్తుంది. కాబట్టి బిగుతుతో పాటు ఆయాసం, చెమట, దవడకో చేతికో పాకే నొప్పి, స్పృహ తప్పినట్టు అవడం, వీటిలో ఏదున్నా ఊపిరి వ్యాయామాలూ కాపడాలూ అని కూర్చోకూడదు, అంబులెన్స్ పిలవాలి.

పొట్ట విషయంలోనూ దుఃఖం ఖాతాలో వేయకూడనివి ఉన్నాయి. నల్లగా తారులాంటి విరేచనం, వాంతిలో రక్తం, జ్వరంతో నొప్పి, బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగి అక్కడే స్థిరపడిన నొప్పి, పసుపు కళ్లు. దుఃఖం తెచ్చే బిగుతు వస్తూ పోతూ ఉంటుంది, నిద్రలో వదులుతుంది, మాటల్లో పడితే కాస్త మరుస్తుంది. నిద్రలోంచి లేపేసే నొప్పి, గంటగంటకూ పెరిగే నొప్పి అలాంటిది కాదు. గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా ఒక రోజు గడిస్తే, లేదా ఎనిమిది పది గంటలు మూత్రం రాకపోతే ఆ రోజే సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు.

రెండు వారాలు దాటినా వాసనలకు స్పందన రాకపోతే, నెలలో బరువు అయిదు శాతం, అంటే 60 కిలోల మనిషికి మూడు కిలోలు తగ్గితే, నేను నా కప్పుల లెక్క పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తిరిగి పంపుతాను. అప్పటికి అది దుఃఖపు మొదటి దెబ్బ కాకుండా డిప్రెషనో, దుఃఖం చాటున దాగిన ఇంకో జబ్బో అయి ఉండొచ్చు. బతకాలని లేదు, ఆయన దగ్గరికే వెళ్లిపోతాను అనే మాట వస్తే రెండు వారాలు ఆగనవసరం లేదు, ఆ రోజే మానసిక వైద్యులకు చూపించి, అప్పటిదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. వారానికి రెండుసార్లు ఒకే సమయంలో, ఒకే రకం బట్టలతో బరువు చూసి కాగితం మీద రాసుకోమని ఇంట్లోవాళ్లకు చెబుతాను. రోజూ చూస్తే నీటి తేడాలకే కంగారుపడతారు, అసలు చూడకపోతే తగ్గిన మూడు కిలోలూ బట్టలు వదులయ్యేదాకా తెలియవు.